పది స్లైడుల దినచర్య

మా వీధి చివర ఇంట్లో ఒక అమ్మాయి ఉన్నది. పేరు రాయవద్దని మాట తీసుకుంది గనుక అమ్మాయి అనే అంటాను. డిగ్రీ రాజమండ్రిలో చదివింది. తండ్రికి రెండెకరాల వరిచేను, తల్లికి కుట్టుమిషను. మొన్న వేసవిలో, అంటే 2025 మే నెలలో, ఒక సాయంకాలం మా అరుగు మీదికి వచ్చి, “మాస్టారూ, తెలుగు దిద్దిపెట్టాలి” అన్నది. వ్యాసమేమో అనుకుని చెయ్యి చాచాను. చేతిలో పెట్టింది సెల్‌ఫోను.

“ఇదేమిటమ్మాయ్?”

“స్లైడులండి. పది. నా డైరీ.”

స్లైడు అనగానే నాకు మా చిన్నప్పటి సినిమాహాలు జ్ఞాపకం వచ్చింది. ఆట మొదలవటానికి ముందు గాజుపలకల మీద పళ్ళపొడి ప్రకటనా, బట్టల దుకాణం ప్రకటనా, “నిశ్శబ్దం” అన్న ఆజ్ఞా ఒకదాని తరువాత ఒకటి తెర మీద పడేవి. ఇవీ ఆ జాతివేనట. ఇన్‌స్టాగ్రాంలో ఒకే కట్టగా పెట్టిన బొమ్మలను వేలితో పక్కకు తోసుకుంటూ చదువుతారు. ఆ కట్టకు ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరు ‘కారొసెల్’. అంటే రంగులరాట్నం. మా కోరుకొండలో ఫాల్గుణమాసపు తిరునాళ్ళకు నరసింహస్వామి కొండ కింద తిరిగేదే అది. ఇరవై బొమ్మలదాకా పెట్టుకోవచ్చునట గాని, ఆవిడ పది చాలన్నది. “ఇరవై ఎవరు తోస్తారండీ?” అన్నది.

సరే, ఆ పది బొమ్మల్లో ఉన్నది గ్రూప్-2 పరీక్షకు చదివిన పదిహేను నెలల కథ. మీ ఇళ్ళల్లో కూడా ఇటువంటి పరీక్షకు చదివే పిల్లలు ఉండి ఉంటారు. వాళ్ళు తలుపు వేసుకుని లోపల ఏం చేస్తున్నారో మనకు తెలియదు. నాకూ తెలియదు. తెలుసుననుకున్నాను, అంతే. అందుకని ఆ స్లైడుల మీద ఉన్నదీ, వాటి మీద చోటు చాలక ఆ అమ్మాయి నోటితో చెప్పినదీ కలిపి ఈ వారం రాస్తున్నాను.

మొదటి స్లైడు మీద, “ఒక పరీక్ష. ఒక కల. ఒక పోరాటం” అని ఉన్నది. వెనకాల సూర్యోదయం. నాకు నచ్చలేదు. ఆ మూడు మాటలూ ఏ పరీక్షకైనా, ఆ మాటకొస్తే ఏ సినిమాకైనా అతుకుతాయి. “అసలు మొదటిరోజు ఏం జరిగిందో చెప్పు” అన్నాను. కొంచెం తటపటాయించి చెప్పింది. 2023 డిసెంబరు 7న పబ్లిక్ సర్వీస్ కమిషనువారి ప్రకటన వచ్చింది. ఆ రాత్రి అన్నాలదగ్గర తండ్రి తల ఎత్తకుండానే, “ఎన్నాళ్ళు?” అని అడిగాడట. ఈమె, “ఒక్క ఏడాది నాన్నా” అన్నది. ఆయన మజ్జిగ పోసుకుని, “సరే, ఏడాది. ఆ తరువాత మీ మావయ్య చెప్పిన సంబంధం” అన్నాడు. 

“ఇంత మంచి మాట దగ్గర పెట్టుకుని సూర్యుణ్ణి ఎందుకు పెట్టావు?” అన్నాను. ఇప్పుడు మొదటి స్లైడు మీద తేదీ, దాని కింద “ఎన్నాళ్ళు?” అన్న మాట తప్ప మరేమీ లేదు.

రెండో స్లైడు చదువు వేళల పట్టిక. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి రాత్రి పదిన్నర దాకా గళ్ళు గీసి, గంటకొక రంగు వేసి ఉన్నది. చూడ ముచ్చటగా ఉన్నది. ఎన్నాళ్ళు జరిగిందమ్మా అంటే నాలుగు రోజులట. ఐదోరోజు కుప్పనూర్పులు, ఆరోరోజు తలనొప్పి. తరువాత పట్టిక మానేసి, చదివిన తరువాత ఎంతసేపు చదివిందో రాసుకోవటం మొదలుపెట్టింది. ఏ రోజూ ఆరుగంటలు దాటలేదట. ఆ లెక్కే పెట్టమన్నాను. సిగ్గుపడింది గాని పెట్టింది.

ఇక మూడోది. దీనికోసమే ఈ కథంతా చెబుతున్నాను.

ఈ పరీక్ష రెండు మెట్లు. మొదటిది వడపోత పరీక్ష. నూటయాభై ప్రశ్నలు, ప్రశ్నకొక మార్కు. చరిత్ర, భూగోళం, భారత సమాజం, వర్తమాన విషయాలు, బుద్ధిసూక్ష్మత, ఒక్కొక్కటి ముప్ఫై. ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులు అచ్చువేసి ఇస్తారు. సరైనదాని ఎదుట వృత్తం నింపాలి. తప్పు నింపితే మార్కులో మూడోవంతు కోసేస్తారు. వదిలేస్తే రాదు, పోదు. 

డిసెంబరు 17న ఆమె ఇంట్లో గడియారం పెట్టుకుని ఒక నమూనా పరీక్ష రాసింది. 132 ప్రశ్నలకు జవాబులు నింపింది. 69 ఒప్పు, 63 తప్పు. అరవైమూడుకు మూడోవంతు ఇరవైఒకటి. అరవైతొమ్మిదిలో ఇరవైఒకటి పోగా మిగిలినది 48. మూడో స్లైడు మీద ఆ 48 అంకె ఒక్కటే ఉన్నది, పెద్దదిగా, ఎర్రగా.

అందరూ ఏం చేస్తారు? ఇంకా చదవాలి అనుకుంటారు. మా అమ్మాయి కూడా అదే అనుకుని రెండురోజులు చదివింది. మూడోరోజున ఒక పని చేసింది. జవాబుకాగితం తీసి, ప్రతి ప్రశ్నా తాను ఏ స్థితిలో నింపిందో జ్ఞాపకం ఉన్నంతవరకూ గుర్తు పెట్టింది. ఖాయంగా తెలిసి నింపినవాటికి నిలువుగీత. రెండు జవాబులు కొట్టేసి, మిగతా రెంటిలో ఒకటి ఎంచుకున్నవాటికి అడ్డగీత. ఏమీ తెలియక ఏదో ఒకటి నింపినవాటికి సున్న. ఇది నాలుగో స్లైడు.

లెక్క ఇలా తేలింది. నిలువుగీతలు 62. వాటిలో 51 ఒప్పు, 11 తప్పు. కోత పోగా నలభైఏడు మార్కుల చిల్లర. అడ్డగీతలు 40. వాటిలో 12 ఒప్పు, 28 తప్పు. మిగిలినవి మూడు మార్కులకు కొంచెం తక్కువ. సున్నలు 30. ఆరు ఒప్పు, ఇరవైనాలుగు తప్పు. ఆరులో ఎనిమిది పోతే రెండు మార్కులు నష్టం.

సున్నల మాట నాకు ముందునుంచీ అనుమానమే. మా కాలేజీలో లెక్కల మాస్టారిని అడిగాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి వేళ్ళమీద చెప్పాడు. నాలుగు జవాబుల్లో గుడ్డిగా ఒకటి నింపితే నాలుగు సార్లకు ఒకసారి తగులుతుంది. ఒక మార్కు వస్తుంది. మూడుసార్లు తప్పుతుంది. మూడు మూడోవంతులు కలిసి ఒక మార్కు పోతుంది. చివరకు సున్న. అంటే గుడ్డిగా నింపినందువల్ల సగటున లాభమూ లేదు, నష్టమూ లేదు, కాలం మాత్రం పోతుంది. కోత మూడోవంతుగా పెట్టటంలో కిటుకు అదేనన్నాడు. “మరి రెండు పోయినట్టవుతున్నదే?” అంటే, “ముప్ఫై ప్రశ్నలకు అటూ ఇటూ రెండు మార్కులు ఒక లెక్కా? అది అదృష్టం. అసలు దొంగ అక్కడ లేడు. ఆ అడ్డగీతల్లో ఉన్నాడు” అన్నాడు.

నిజమే. నాలుగింటిలో రెండు న్యాయంగా కొట్టేస్తే, మిగిలిన రెంటిలో కళ్ళు మూసుకుని ఎంచుకున్నా సగం తగలాలి. నలభైకి ఇరవై. కోత పోగా పదమూడు మార్కులు రావాలి. ఈమెకు వచ్చినది మూడు కూడా లేదు. నలభైకి పన్నెండంటే గుడ్డిదెబ్బకు వచ్చే పదికి రెండే ఎక్కువ.

ఒక్క పరీక్ష చూసి తీర్పు చెప్పకూడదని అమ్మాయి జనవరి 7లోగా మరి మూడు నమూనాలు రాసింది. ఈసారి గుర్తులు తరువాత కాదు, రాస్తూండగానే పెట్టింది. అది ముఖ్యం. ఎందుచేతనంటే తప్పని తెలిసిన తరువాత ‘ఇది నాకు తెలియదులే’ అనటం మనుష్య సహజం. నాలుగు పరీక్షల్లోనూ అడ్డగీతలు మొత్తం 160. ఒప్పు 49, తప్పు 111. మళ్ళీ అదే కథ.

అప్పుడు ఆ 111 తప్పులనూ విడదీసింది. మిగిల్చుకున్న రెంటిలో ఒకటి సరైనదై ఉండి, ఈమె రెండోది ఎంచుకున్నవి 37. సరైన జవాబును తన చేతులతోనే ముందు కొట్టేసినవి 74!

నేను కుర్చీలో సర్దుకుని కూచున్నాను. ఇన్నాళ్ళూ నేను పిల్లలకు చెబుతూ వచ్చినది, “చివరి రెంటిలో జాగ్రత్తగా ఆలోచించి ఎంచుకోండి” అని. జబ్బు చివరి రెంటిలో లేదు. మొదటి కొట్టివేతలో ఉన్నది. నూటఅరవై ప్రశ్నల్లో సరైన జవాబు ఈమె చేతిలో మిగిలినది 86 సార్లు. కళ్ళు మూసుకుని ఏవో రెండు కొట్టేస్తే ఎనభైసార్లు మిగిలేది. అంటే ఈమె ‘ఆలోచించి’ కొట్టేసినదానికీ, ఊరికే కొట్టేసినదానికీ తేడా ఆరు.

ఎందుకిలా అయిందో ఒక ప్రశ్న చూస్తే మీకే తెలుస్తుంది. గోదావరికి ఉపనది ఏది? మున్నేరు, మూసీ, ప్రవర, భీమ. భీమ కృష్ణలో కలుస్తుందని ఈమెకు తెలుసు. కొట్టేసింది. అది న్యాయం. ప్రవర అన్న నది పేరు ఎప్పుడూ వినలేదు. ‘గోదావరి ఒడ్డునే పుట్టి పెరిగాను, నేను విననిది గోదావరికి ఉపనది ఎలా అవుతుంది?’ అనుకుని దాన్నీ కొట్టేసింది. మున్నేరూ మూసీ మిగిలాయి. రెండూ కృష్ణకే పోతాయి! సరైన జవాబు ప్రవర. మహారాష్ట్రలో పుట్టి, అక్కడే గోదావరిలో కలుస్తుంది. మనకు గోదావరి అంటే భద్రాచలం నుంచి దిగువకే. నాసిక దగ్గర త్ర్యంబకంలో పుట్టి సగం దేశం తిరిగి వచ్చిందని పాఠంలో చదువుతాం గాని మనసులో పెట్టుకోము.

అంటే ఆ పిల్ల కొట్టేస్తున్నది తప్పు జవాబులను కాదు, విననివాటిని. ప్రశ్న తయారుచేసేవారికి ఈ సంగతి బాగా తెలుసు. విన్న పేర్లు మూడు పక్కన పెట్టి, వినని పేరు ఒకటి సరైనదిగా పెడితే సగంమంది దాన్ని ముందుగా తోసేస్తారు.

దీనికి ఆమె చేసిన వైద్యం చిన్నది. నమూనా పరీక్షలో ఏ జవాబు కొట్టేసినా పక్కన ఒక్క మాటలో కారణం రాయాలి. భీమ దగ్గర ‘కృష్ణ’ అని రాయవచ్చు. ప్రవర దగ్గర ఏం రాస్తుంది? ‘వినలేదు’ అనే కదా. కారణం ‘వినలేదు’ అయితే గీత చెరిపెయ్యాలి. ఇలా చేసేసరికి మొదటివారం అడ్డగీతలే తగ్గిపోయాయి. పరీక్షకు నలభై ఉండేవి ఇరవైకి దిగాయి. తెలుసుననుకున్నవి చాలామటుకు సున్నల కిందికి జారాయి. ఏడుపు వచ్చిందట. నెల తిరిగేసరికి మూడు నమూనాల్లో అడ్డగీతలు 60, వాటిలో ఒప్పు 33. కోత తొమ్మిది పోగా ఇరవైనాలుగు మార్కులు. అదివరలో నూటఅరవై గీతలకు వచ్చినవి పన్నెండు.

“అసలు పరీక్షలో కారణాలు రాస్తూ కూచుంటే వేళ చాలుతుందా?” అని అడిగాను. చాలదట. కాని అప్పటికి చెయ్యి దానంతటదే ఆగిపోవటం అలవాటయిందన్నది. 

ఆరో స్లైడు సంగతి త్వరగా చెబుతాను. 2024 ఫిబ్రవరి 25న వడపోత పరీక్ష. నాలుగు లక్షల పైచిలుకు మంది రాశారు. ఈమె ఇరవైరెండు ప్రశ్నలు వదిలేసి వచ్చింది. పక్క బెంచీ కుర్రవాడు ఒక్కటి కూడా వదల్లేదని తెలిసి దారిపొడుగునా దిగులుపడింది. ఏప్రిల్ 10న ఫలితాలు వచ్చాయి. పోస్టుకు వందమంది చొప్పున, 92 వేల పైచిలుకు మందిని తరువాతి మెట్టుకు తీసుకున్నారు. ఈమె నంబరు ఉన్నది. తండ్రి కొండమెట్లెక్కి కొబ్బరికాయ కొట్టి వచ్చాడు. ఏమీ అనలేదు.

ఐదో స్లైడు దాటేశానని మీరు గమనించి ఉంటారు. అది నా కోరికమీద పెట్టించినది. కాలక్రమంలో ఇక్కడికి రావాలి. అమ్మాయి ముందు పెట్టేసింది, ఇంకా మార్చలేదు. 

రెండో మెట్టులో రెండు పేపర్లు. మొదటిదానిలో ఆంధ్రుల సాంఘిక సాంస్కృతిక చరిత్రా, రాజ్యాంగమూను. రెండోదానిలో ఆర్థిక వ్యవస్థా, విజ్ఞానశాస్త్రమూను. చరిత్ర అనగానే ఆమె ధైర్యంగా ఉన్నది. మన ఊరు చిన్నదా? పద్నాలుగో శతాబ్దంలో ముమ్మడినాయకుడు ఏలిన కోట ఇది. రాజమండ్రి పది కోసుల దూరం కూడా లేదు. అయితే నిలువుగీతల్లో, అంటే ఖాయంగా తెలుసుననుకున్నవాటిలో, తప్పులు ఎక్కువగా చరిత్రలోనే వచ్చాయి. 

ఒకటి చెబుతాను. శ్రీనాథుడు ఎవరి ఆస్థానంలో విద్యాధికారి? ప్రోలయ వేమారెడ్డి, అనవోతారెడ్డి, పెదకోమటి వేమారెడ్డి, వీరభద్రారెడ్డి. ఈమె తడుముకోకుండా వీరభద్రారెడ్డి అన్నది. తప్పు. కొండవీటిలో పెదకోమటి వేమారెడ్డి దగ్గర ఆయన విద్యాధికారి. కొండవీటి వైభవం పోయిన తరువాత రాజమండ్రి వచ్చి, కాశీఖండం వీరభద్రారెడ్డికి అంకితమిచ్చాడు. కాశీఖండం పేరు వింటూ పెరిగిన రాజమండ్రివాళ్ళకు శ్రీనాథుడు మొదటినుంచీ మన ఊరివాడే. నేను కూడా క్లాసులో అలాగే మాట్లాడతాను సుమండీ. నా పాఠం విన్న పిల్లలకు ఈ ఒక్క మార్కూ, దాని కోతా నావల్ల పోయి ఉంటాయి. తెలియనిదాన్ని సరిదిద్దటం సులభం. తెలుసు అనుకున్నదానికి మరొకరు తేదీలు వేసి చూపించాలి. ఆ అమ్మాయి ఒక కాగితం మీద రెడ్డిరాజుల పేర్లు వరుసగా రాసి, ఒక్కొక్కరి పక్కన ఊరూ, కవీ, ఆ కవి ఆ ఊళ్ళో చేసిన పనీ మూడు గళ్ళల్లో నింపింది. ఎర్రాప్రగడ పక్కన అద్దంకి, ప్రోలయ వేమారెడ్డి. శ్రీనాథుడికి రెండు వరుసలు పట్టాయి. ఒక మనిషికి రెండు వరుసలు పట్టినచోటల్లా ప్రశ్న పొంచి ఉంటుందని ఆమె కనిపెట్టింది. ఆ మాట బాగుందని స్లైడు మీదికి ఎక్కించాం.

ఏడో స్లైడు మీద మూడు తేదీలు. 2024 జూలై 28, కొట్టివేత. 2025 జనవరి 5, కొట్టివేత. 2025 ఫిబ్రవరి 23. రెండో మెట్టు పరీక్ష రెండుసార్లు వాయిదా పడిన సంగతి అది రాసినవారందరికీ తెలిసినదే. పైకి చూస్తే వాయిదా వరంలాగా ఉంటుంది. ఇంకా చదువుకోవచ్చు కదా! కాని ఇంట్లో ‘ఏడాది’ అని ఒప్పందం ఉన్నది. 2024 డిసెంబరు 7తో ఆ గడువు తీరిపోయింది. పరీక్ష ఇంకా రానే లేదు. మేనమామ సంక్రాంతికి వచ్చి పెళ్ళివారికి ఏం చెప్పమంటావని అడిగాడు. తండ్రి, “పరీక్ష అవనీ బావా, దాని తప్పు కాదు గదా” అన్నాడట. ఆ రాత్రి ఆ అమ్మాయి డైరీలో ఆ మాట తప్ప మరేమీ రాయలేదు.

వాయిదాలవల్ల కలిగిన అసలు చెరుపు వేరే ఉన్నది. అది ఎనిమిదో స్లైడు. జూలైలో పరీక్ష ఆగిందని తెలియగానే అమ్మాయి రాజమండ్రి వెళ్ళి మూడు కొత్త పుస్తకాలు కొనుక్కొచ్చింది. రోజూ కొత్త పుటలు చదువుతూంటే ముందుకు పోతున్నట్టే ఉన్నది. సెప్టెంబరులో మొదటి పేపరు నమూనా రాస్తే జూన్‌లో వచ్చినదానికన్నా తొమ్మిది మార్కులు తగ్గాయి. రెండునెలలు అదనంగా చదివి తొమ్మిది మార్కులు పోగొట్టుకోవటం ఎలాగో నాకు మొదట అర్థం కాలేదు.

ఆమెకు ఒక మంచి అలవాటు ఉన్నది. నోటుబుక్కులో ఏ పుట చదివినా ఆ పుట మూలన తేదీ వేస్తుంది. మళ్ళీ చదివితే దాని కింద మరో తేదీ. సెప్టెంబరులో పుస్తకం మొదటినుంచీ తిరగేసింది. మొత్తం 212 పుటలు. వాటిలో 140 పుటల మూలన ఒకే తేదీ ఉన్నది, ఏప్రిల్‌దో మేదో. అంటే నాలుగు నెలలుగా వాటి ముఖం చూడలేదు. తప్పుపోయిన ప్రశ్నలు చాలామటుకు ఆ పుటలవే. రాసుకున్నది తన దస్తూరీయే, చదువుతూంటే ఎవరో రాసినట్టు ఉన్నదట.

కొత్త పుస్తకాలను అటకెక్కించి, పొద్దున లేవగానే ముందుగా నెల దాటిన తేదీ ఉన్న పుటలు, అవి అయితేనే కొత్తది అని నియమం పెట్టుకుంది. పాత పుట చదివే పద్ధతి కూడా మార్చింది. ముందు పుట మూసి, దాని మీద ఏముందో కాగితం మీద నాలుగు ముక్కలు రాసి, ఆ తరువాత తెరిచి సరిచూసుకోవటం. తెరిచి చదివితే అన్నీ తెలిసినట్టే ఉంటాయి, మూస్తే గాని తేలదు అన్నది. వారానికి రెండుసార్లు బస్సెక్కి గౌతమీ గ్రంథాలయానికి పోయి అక్కడ కూచుని ఈ పని చేసేది. ఇంట్లో అయితే పుట తెరవాలనిపిస్తుందట. అక్కడికి పుస్తకం తీసుకుపోదు, తెల్లకాగితాలే తీసుకుపోతుంది. డిసెంబరు ఆఖరుకు మూలన మూడేసి తేదీలు పడ్డాయి. పోయిన తొమ్మిది మార్కులూ వచ్చి, పైన మరో ఆరు వచ్చాయి. అంతకు మించి పెరగలేదు. రెండో పేపరు ఆర్థిక విషయాలు చివరిదాకా ఇబ్బంది పెడుతూనే ఉన్నాయి. అంకెలు ఏటేటా మారతాయి. పాత పుటకు కొత్త తేదీ వేసినా దానిలోని అంకె పాతదే.

తొమ్మిదో స్లైడు, 2025 ఫిబ్రవరి 23. రోస్టరు విషయమై అభ్యర్థులు ఆందోళన చేస్తున్న రోజులవి. మళ్ళీ వాయిదా అన్న వదంతి ముందురోజు సాయంత్రందాకా తిరుగుతూనే ఉన్నది. రాత్రి పదిగంటలకు ఫోను చూడటం మానేసి పడుకుంది. పొద్దున రెండున్నర గంటలు, మధ్యాహ్నం రెండున్నర గంటలు. తల్లి ఇచ్చిన పులిహోర పొట్లం మధ్యాహ్నం విప్పలేదు.

ఏప్రిల్‌లో తరువాతి మెట్టుకు పిలిచినవారి జాబితా వచ్చింది. అందులో ఈమె నంబరు లేదు.

“మరి పదో స్లైడు?” అన్నాను. ఖాళీగా ఉన్నది. అక్కడ ఏం పెట్టాలో తెలియకే నా దగ్గరకు వచ్చినది, తెలుగు దిద్దించటానికి కాదు. నెగ్గినవాళ్ళ స్లైడులే అందరూ చూస్తారు, నావి ఎవరు తోస్తారు మాస్టారూ అన్నది. నాకు జవాబు తోచలేదు. తెలుగు దిద్దుతూ కూచున్నాను. చెప్పొద్దూ, దిద్దవలసినది కూడా చాలానే ఉన్నది. ఇంగ్లీషు అక్షరం గీతమీద నిలబడుతుంది. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. ఆ చిన్న అద్దం మీద వరుసలు దగ్గరదగ్గరగా పేర్చితే పై వరుస ఒత్తు కింది వరుస గుడిలో గుచ్చుకుంటుంది. వరుసకు వరుసకు మధ్య సగం అక్షరమైనా ఎడం ఉండాలి, ఒక్కో స్లైడు మీద ముప్ఫై మాటలు దాటరాదు అని చెప్పాను. 

వారం తరువాత ఆమె తండ్రి చేలోనుంచి వస్తూ మా అరుగు దగ్గర ఆగాడు. కూతురు స్లైడులు చూపించిందట. ఎన్నడూ ఆ పిల్ల గదిలో ఏం చేస్తున్నదో తాను అడగలేదనీ, చదువుతున్నదనుకున్నాననీ అన్నాడు. “నాలుగో బొమ్మ దగ్గర ఆగిపోయానండి. ఆ గీతలేమిటమ్మా అన్నాను. గంటసేపు చెప్పింది. విత్తనం మొలకలు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టిందండి. వందకు ఎన్ని మొలిచాయో చూడకుండా మనం నారు పొయ్యం గదా!” అని తలగుడ్డ విప్పి దులుపుకున్నాడు. సంబంధం సంగతి నేను అడగలేదు. ఆయనే, “మా బావమరిదికి కబురు పంపాను, తొందరపడొద్దని. అది మళ్ళీ రాస్తానంటున్నది. ఈసారి ఎన్నాళ్ళని అడగలేదండి” అన్నాడు.

ఆ రాత్రి పదో స్లైడు వచ్చింది. నోటుబుక్కు పుట మూల ఫోటో. ఒకదాని కింద ఒకటి మూడు తేదీలు, నాలుగోది ఆవేళటిది. పుట మీద గోదావరి ఉపనదుల పేర్లున్నాయి. వరుసలు మళ్ళీ ఇరుకుగా ఉన్నాయి. ‘ప్రవర’లో రావత్తు కనిపించడం లేదు. పొద్దున బస్సుకు పోయేటప్పుడు చెప్పాలి.